కార్ఖానా గాలిలో సిలికా ధూళిని కొలవడం ఎలా: పంపు తగిలించే ముందు నుంచి ప్రయోగశాల నివేదిక చదివే దాకా

గాలి నమూనాల పనిని చాలామంది పంపుతో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది చివరి నుంచి, అంటే ప్రయోగశాల పంపబోయే కాగితం మీద ఏ అంకె ఉంటే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో ముందుగా తేల్చుకోవడం నుంచి. ఆ అంకె రావడానికి ఫిల్టర్ మీద ఎంత ధూళి పడాలి, అందుకు ఎంత గాలిని లాగాలి, ఎంతసేపు, ఎవరి భుజం మీద నుంచి అనేవి అన్నీ వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే తేలే సంగతులు. ఈ వ్యాసంలో ఒకే ఒక్క ప్రమాదకారకాన్ని, స్ఫటిక రూపంలోని సిలికాను, అంటే క్వార్ట్జ్‌ను తీసుకుని, గ్రానైట్ పలకలను కోసి అంచులు సానబట్టే ఒక కార్ఖానాలో ఆ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. ద్రావకాల ఆవిరికో, వెల్డింగ్ పొగకో పరికరాలు మారతాయి, ఆలోచనా క్రమం మాత్రం ఇదే.

కార్ఖానాలో 24 మంది పని చేస్తున్నారనుకోండి. ఎనిమిది గంటల షిఫ్టు, అందులో అరగంట భోజన విరామం, భోజనం వేరే గదిలో. ఆరుగురు నీళ్లు పారించే కోత యంత్రాల దగ్గర, పన్నెండు మంది చేతి గ్రైండర్లతో అంచులు సానబట్టే చోట, నలుగురు క్రేను, ఎత్తుడు దింపుడు పనిలో, ఇద్దరు శుభ్రం చేసే పనిలో ఉన్నారు.

మొదటి మెట్టు: దేనితో పోల్చబోతున్నారో రాసిపెట్టుకోండి

అమెరికాలో పనిచోట భద్రతను చూసే ఓషా సంస్థ 2016లో ఊపిరితిత్తుల లోతుకు చేరే స్ఫటిక సిలికాకు ఎనిమిది గంటల సగటు పరిమితిని ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. 25కు చేరినా, దాటినా పర్యవేక్షణ మొదలుపెట్టవలసిన చర్యాస్థాయి కూడా అందులోనే ఉంది. అమెరికా పారిశ్రామిక పరిశుభ్రతా నిపుణుల సంఘమైన ఏసీజీఐహెచ్ సిఫారసు చేసే విలువ 25. మీకు చట్టరీత్యా వర్తించేది వేరే విలువ కావచ్చు, అప్పుడు దానినే తీసుకోండి. కానీ పని మొదలుకాక ముందే ఆ విలువను ప్రణాళికలో రాసిపెట్టండి, ఎందుకంటే ఫలితాలు చూశాక పరిమితిని ఎంచుకునే అవకాశం ఎవరికి ఉన్నా అది మంచిది కాదు. ఈ ఉదాహరణలో మనం 50ని పరిమితిగా, 25ని హెచ్చరిక గీతగా పెట్టుకుందాం.

"ఊపిరితిత్తుల లోతుకు చేరే" అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. గాలిలో ఎగిరే రాతి ధూళిలో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. సుమారు 4 మైక్రాన్ల వ్యాసం దగ్గర సగం రేణువులు మాత్రమే లోపలి గాలి సంచుల దాకా వెళతాయని, అంతకంటే పెద్దవాటి వాటా వేగంగా తగ్గిపోతుందని అంతర్జాతీయంగా ఒప్పుకున్న వక్రరేఖ చెబుతుంది. మనం వాడే సైక్లోన్ అనే చిన్న గొట్టం ఆ వక్రరేఖను అనుకరించడానికే ఉంది. గాలిని సుడి తిప్పి, బరువైన రేణువులను కింది గిన్నెలోకి విసిరేసి, సన్నటివాటిని మాత్రమే ఫిల్టర్ మీదికి పంపుతుంది.

రెండవ మెట్టు: మనుషులను సమాన ఎక్స్‌పోజర్ బృందాలుగా విడగొట్టండి

24 మందికీ ప్రతిరోజూ పంపు తగిలించలేం. అందుకే ఒకే రకమైన పని, ఒకే రకమైన పద్ధతిలో, ఒకే చోట, దాదాపు ఒకే పాళ్లలో చేసేవారిని ఒక బృందంగా భావించి, అందులో కొందరిని కొలిచి మిగతావారి గురించి తీర్పు చెబుతాం. ఈ తీర్పు నిలబడేది బృందం నిజంగా సమానమైనప్పుడే. జీతాల పట్టికలో ఉన్న హోదాను చూసి బృందం కట్టడం అన్నిటికంటే సులభం, అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ అదే. "ఫినిషర్" అని పన్నెండు మంది పేర్ల పక్కనా రాసి ఉంటుంది. వాళ్లలో ఎవరు నీళ్ల గ్రైండర్ వాడతారో, ఎవరు పొడి గ్రైండర్ వాడతారో, ఎవరి బల్ల మీద ధూళిని లాగే పీల్పు పనిచేస్తోందో ఆ పట్టిక చెప్పదు.

కనీసం ఒక పూర్తి షిఫ్టు చేతులు కట్టుకుని నిలబడి చూడండి. ఎవరు ఏ పనిని ఎన్ని నిమిషాలు చేశారో రాయండి. షిఫ్టు ముగింపులో కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునేది ఎవరు, పొడి చీపురుతో ఊడ్చేది ఎవరు అన్నది తప్పకుండా చూడండి, ఎందుకంటే అయిదు నిమిషాల దులుపుడు కొన్నిసార్లు గంటల తరబడి సానబట్టినంత ధూళిని లేపుతుంది. మన ఉదాహరణలో తొలి పరిశీలన తర్వాత నాలుగు బృందాలు తేలాయి. మొదట కొలవవలసింది ఫినిషర్ల బృందమేనని చూడగానే తెలుస్తుంది. ఇక్కడే ఒక చిన్న తప్పు జరిగింది, దాని సంగతి తర్వాత వస్తుంది.

బృందంలో ఎవరిని కొలవాలన్నది చీట్లు వేసి తేల్చండి. సూపర్‌వైజర్‌ను అడిగితే చెప్పిన మాట వినే మనిషిని, అంటే సాధారణంగా జాగ్రత్తగా పని చేసే మనిషిని చూపిస్తాడు. అందులో దురుద్దేశం ఉండనక్కర లేదు, పంపు పాడవదని అతని నమ్మకం. కానీ అలా వచ్చిన ఆరు నమూనాలు బృందాన్ని కాదు, బృందంలోని బుద్ధిమంతులను కొలుస్తాయి. రోజులను కూడా అలాగే విడదీయండి. ఒకే రోజు ఆరుగురికి తగిలించడం సౌకర్యంగా ఉంటుంది గాని, ఆ రోజు తలుపులు తెరిచి ఉన్నా, సరుకు తక్కువగా వచ్చినా ఆరు అంకెలూ కలిసి ఒకే వైపుకు ఒరుగుతాయి. రోజుకు ఇద్దరి చొప్పున మూడు వేర్వేరు రోజులు అనుకుందాం.

మూడవ మెట్టు: ఎంతసేపు అన్నది ప్రయోగశాలను అడిగాక తేల్చండి

ఇది ఈ మొత్తం పనికి కీలకం, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. నమూనాలు పంపబోయే ప్రయోగశాలకు ముందే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేయండి: ఫిల్టర్ మీద కనీసం ఎన్ని మైక్రోగ్రాముల క్వార్ట్జ్ ఉంటే మీరు నమ్మకంగా అంకె ఇవ్వగలరు? దీన్ని కనిష్ఠ నివేదన పరిమాణం అందాం. మన ప్రయోగశాల 10 మైక్రోగ్రాములు అని చెప్పిందనుకోండి.

ఇప్పుడు నిమిషానికి 2.2 లీటర్లు లాగే సైక్లోన్‌తో ఒక గంట నమూనా తీస్తే ఏమవుతుందో చూడండి. గంటకు 132 లీటర్లు, అంటే 0.132 ఘనమీటర్లు. నివేదికలో "10 కంటే తక్కువ" అని వస్తే దాని అర్థం 10ని 0.132తో భాగిస్తే వచ్చే 76 కంటే గాఢత తక్కువ అని. పరిమితి 50. గాలిలో ఉన్నది 5 కావచ్చు, 70 కావచ్చు, ఆ కాగితం రెండింటికీ ఒకే మాట చెబుతుంది. అటువంటి నివేదికను "సిలికా కనబడలేదు" అని గోడకు అతికించిన చోట్లు ఉన్నాయి. అక్కడ కనబడకపోయింది సిలికా కాదు, లెక్క.

కాబట్టి వెనక్కి వెళ్లండి. పరిమితిలో నాలుగో వంతు, అంటే 12.5 దాకా అయినా కనబడాలని కోరుకుందాం. 10ని 12.5తో భాగిస్తే 0.8 ఘనమీటరు, 800 లీటర్లు. 2.2 లీటర్ల చొప్పున అది 364 నిమిషాలు, సుమారు ఆరు గంటలు. పరిమితి ఎనిమిది గంటల సగటుకు సంబంధించినది కనుక ఎలాగూ షిఫ్టంతా కొలవడమే మేలు. విరామం తీసేస్తే 450 నిమిషాలు, 990 లీటర్లు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ సిలికా కోసం రాసిన 7500 పద్ధతి సూచించే 400 నుంచి 1000 లీటర్ల మధ్య ఇది హాయిగా ఇముడుతుంది. ఫిల్టర్ మీద 2 మిల్లీగ్రాములకు మించి ధూళి పేరుకోకూడదని కూడా ఆ పద్ధతి చెబుతుంది. మరీ ధూళిగా ఉన్న చోట షిఫ్టు మధ్యలో ఫిల్టర్‌ను పట్టి ఉంచే డబ్బాను, అంటే క్యాసెట్‌ను మార్చి, రెండు ఫలితాలను కాలానుసారంగా కలపవచ్చు.

పరిమితిలో పదో వంతు దాకా చూడాలంటే 2000 లీటర్లు కావాలి. అప్పుడు నిమిషానికి 4.2 లీటర్లతో పనిచేసే జీకే 2.69 వంటి సైక్లోన్, అంత లాగగల పంపు అవసరం. దాన్ని మామూలుగా వాడమని నేను చెప్పను, ఎందుకంటే పంపు బరువు, చప్పుడు పెరుగుతాయి, బ్యాటరీ ఆఖరి గంటలో మొరాయిస్తుంది. గాఢత తక్కువగా ఉంటుందని గట్టి నమ్మకం ఉండి, కొద్ది నమూనాలతో తేల్చుకోవాలనుకున్నప్పుడు మాత్రం అది పనికొస్తుంది. యూరపు ప్రమాణం ఈఎన్ 689 ప్రకారం ఒక బృందంలో మూడు ఫలితాలు పరిమితిలో పదో వంతుకు లోపు, లేదా అయిదు ఫలితాలు అయిదో వంతుకు లోపు ఉంటే తొలి పరీక్షలోనే గట్టెక్కినట్టు. మన లెక్కలో అవి 5, 10 మైక్రోగ్రాములు. 990 లీటర్ల నమూనాకు, 10 మైక్రోగ్రాముల నివేదన పరిమాణానికి 10 కంటే కింద ఏమీ కనబడదు. అంటే ఆ అడ్డదారి మనకు మూసుకుపోయినట్టే, కనీసం ఆరు నమూనాల దారి పట్టాలి.

నాలుగవ మెట్టు: పంపును సైక్లోన్‌తో కలిపి కేలిబ్రేట్ చేయండి

పంపు తెర మీద కనిపించే 2.20 అనే అంకెను నమ్మకండి. ఫిల్టర్ క్యాసెట్, సైక్లోన్, గొట్టం అన్నీ నిజంగా పనిలో ఉన్న వరుసలోనే కలిపి, సైక్లోన్ నోటి దగ్గరకు ప్రవాహమాపకాన్ని అతికే తొడుగుతోనో, మూతగల సీసాతోనో జోడించి కొలవండి. ఇందుకు వాడే ఫిల్టర్ అదే లాటులోని వేరే ఫిల్టర్ అయి ఉండాలి, నమూనా తీయబోయేది కాకూడదు. కొలత ప్రాథమిక ప్రమాణపు మాపకంతో, సబ్బు బుడగదో పిస్టన్‌దో, కనీసం మూడు సార్లు చేసి సగటు తీసుకోండి.

ఇతర నమూనాల్లో ప్రవాహం కాస్త తప్పితే గాలి పరిమాణాన్ని సరిచేసుకుంటే సరిపోతుంది. సైక్లోన్‌తో అలా కుదరదు. ప్రవాహం తగ్గితే సుడి బలహీనపడి పెద్ద రేణువులు కూడా ఫిల్టర్‌కు చేరతాయి, ఫలితం ఎక్కువగా వస్తుంది. ప్రవాహం పెరిగితే చేరవలసిన సన్నని రేణువులు కూడా కింది గిన్నెలో పడతాయి, ఫలితం తక్కువగా వస్తుంది. అంటే మీరు కొలుస్తున్న వస్తువే మారిపోతుంది, ఏ గుణకారమూ దాన్ని వెనక్కి తేలేదు. అందుకే షిఫ్టుకు ముందు, తర్వాత కొలిచిన ప్రవాహాల మధ్య తేడా 5 శాతం దాటితే ఆ నమూనాను పక్కన పెట్టండి. మన ఉదాహరణలో ఒక పంపు ఉదయం 2.22, సాయంత్రం 2.16 చూపింది. తేడా 2.7 శాతం, పరవాలేదు. సగటు 2.19ని లెక్కకు తీసుకుంటాం.

ఫిల్టర్లు 37 మిల్లీమీటర్ల పీవీసీవి, 5 మైక్రాన్ల రంధ్రాలవి, ప్రయోగశాల ముందే తూచి పంపినవి అయితే క్వార్ట్జ్‌తో పాటు మొత్తం సన్నధూళి బరువు కూడా వస్తుంది. ఆ రెండో అంకె ఎంత ఉపయోగమో నివేదిక చదివేటప్పుడు తెలుస్తుంది.

అయిదవ మెట్టు: మనిషికి తగిలించండి, తర్వాత వదిలిపెట్టకండి

సైక్లోన్ ముక్కు, నోరు చుట్టూ ముప్పై సెంటీమీటర్ల లోపు, కాలర్ మీద ఉండాలి. కుడి చేతివాటం మనిషి గ్రైండర్‌ను కుడి వైపు పెడితే కుడి కాలర్‌కే తగిలించండి. మాస్క్ పెట్టుకున్నా సైక్లోన్ మాస్క్ బయటే ఉంటుంది, ఎందుకంటే మనం కొలుస్తున్నది గాలిని, మాస్క్‌ను కాదు. గొట్టాన్ని వీపు మీదుగా తీసుకువచ్చి, వంగినప్పుడు మెలిక పడకుండా రెండు చోట్ల క్లిప్పు పెట్టండి. సైక్లోన్ నోరు చొక్కా మడతలోకి తిరగకుండా చూడండి.

ఆ మనిషికి నాలుగు మాటలు చెప్పండి: ఇది మీ పనిని తనిఖీ చేసే యంత్రం కాదు, రోజూ చేసినట్టే చేయండి, పంపు ఆగితే వెంటనే నన్ను పిలవండి, దీన్ని విప్పి ఎక్కడా పెట్టకండి, ముఖ్యంగా తలకిందులు చేయకండి. ఆఖరి మాటకు కారణం ఉంది. సైక్లోన్ తలకిందులైతే గిన్నెలో చేరిన పెద్ద రేణువులన్నీ ఫిల్టర్ మీదికి జారిపోతాయి. ఒకసారి భోజన విరామం తర్వాత నేను చూస్తే, ఒక పనివాడు ఉక్కగా ఉందని పంపు బెల్టును విప్పి కొక్కేనికి వేలాడదీసి వచ్చాడు. సైక్లోన్ కిందికి, నోరు నేల వైపుకు తిరిగి ఊగుతోంది. సాయంత్రం క్యాసెట్ విప్పితే ఫిల్టర్ మీద కంటికి కనిపించే నూకలు. సన్నధూళి ఫిల్టర్ మీద బూడిదరంగు పొరలా సమంగా పరుచుకోవాలి, నూకలు కనిపించకూడదు. దాన్ని ప్రయోగశాలకు పంపనే లేదు, "చెల్లదు" అని రాసి ఇంకో రోజు మళ్లీ తీశాను. విరామంలో పంపును మీరే విప్పి, ఆపి, నిటారుగా పట్టుకుని ఉంచుకుంటే ఈ గొడవ ఉండదు.

పంపు తగిలించాక కార్యాలయంలోకి వెళ్లి కూర్చోకండి. గంటకోసారి ప్రవాహం చూడండి, మిగతా సమయమంతా రాయండి. ఏ గంటకు ఏ పని, ఏ పనిముట్టు, నీళ్లు ఉన్నాయా లేవా, పీల్పు నడుస్తోందా, తలుపులు తెరిచి ఉన్నాయా, పక్కన ఎవరు ఏం చేస్తున్నారు. మన ఉదాహరణలో రెండో రోజు నోట్‌బుక్‌లో ఈ వరుసలు ఉన్నాయి: "11.20. నాలుగో నమూనా మనిషి సింక్ కోసం పలకలో తీసిన రంధ్రం లోపలి అంచు సానబడుతున్నాడు. నీళ్ల గ్రైండర్ పక్కన పెట్టాడు. అడిగితే, లోపలి అంచుకు వంగినప్పుడు నీళ్లు మొహం మీద చిమ్ముతాయని అన్నాడు. పొడి గ్రైండర్. తల రంధ్రం మీదే ఉంది. 12.50 దాకా." ఆ వరుసలు లేకపోతే తర్వాత వచ్చిన అంకెకు అర్థం ఉండేది కాదు.

ప్రతి విడతలో రెండు ఖాళీ క్యాసెట్లను కార్ఖానాకు తీసుకువెళ్లి, మూత తీసి, వెంటనే మూసి, మిగతావాటితో పాటే పంపండి, గాలి మాత్రం లాగకండి. దారిలోనో చేతిలోనో ఏదైనా అంటుకుందా అన్నది అవి చెబుతాయి. బల్లల కింద పేరుకున్న ధూళిని కూడా ఒక చిన్న సీసాలో పంపండి. గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్, మైకా ఉంటాయి, వాటి సంకేతాలు క్వార్ట్జ్ సంకేతంతో కలగాపులగం కావచ్చు. రాయి ఏమిటో ప్రయోగశాలకు ముందే చెబితే విశ్లేషకులు దానికి తగ్గట్టు చూసుకుంటారు. ఈ సీసాను గాలి క్యాసెట్లున్న పెట్టెలో పెట్టకండి.

ఆరవ మెట్టు: నివేదికలో ముందు బరువు చూడండి, గాఢత తర్వాత

నివేదిక రాగానే కన్ను ఆఖరి నిలువు వరుస మీదికి పోతుంది. ఆగండి. ప్రయోగశాలకు తెలిసింది ఫిల్టర్ మీద ఉన్న బరువు మాత్రమే, గాలి పరిమాణం మీరు రాసి పంపినదే. మీరు 985 బదులు 98.5 అని రాస్తే వాళ్లు నిజాయితీగా పది రెట్లు ఎక్కువ గాఢత లెక్క కట్టి పంపుతారు. కాబట్టి గాఢతను మీరే మళ్లీ కట్టండి. ఒక నమూనాకు చూద్దాం: క్వార్ట్జ్ 31 మైక్రోగ్రాములు, ప్రవాహం 2.19, సమయం 450 నిమిషాలు.

```
2.19 × 450 = 985.5
31 ÷ 0.9855 = 31.5
31.5 × 450 ÷ 480 = 29.5
```

మొదటి వరుస లీటర్లు, రెండోది ఘనమీటరుకు మైక్రోగ్రాములు, మూడోది ఎనిమిది గంటల సగటు. భోజనపు అరగంటలో సిలికా సున్నా అని మూడో వరుసలో మనం ఊహించాం. భోజనం వేరే గదిలో కాబట్టి ఒప్పుకోవచ్చు, బల్ల పక్కనే తింటే ఒప్పుకోకూడదు, అప్పుడు పంపును నడవనివ్వాలి. షిఫ్టు పది గంటలైతే మొత్తాన్ని అయినా సరే ఎనిమిదితోనే భాగించాలి. పది గంటలూ 31.5 చొప్పున పీలిస్తే ఎనిమిది గంటల సగటు 39 అవుతుంది.

తర్వాత ఖాళీ క్యాసెట్లు. రెండిటికీ "10 కంటే తక్కువ" అని ఉంటే సరే. వాటి మీద క్వార్ట్జ్ కనబడితే ముందు ఎలా అంటిందో వెతకండి. ఆ తర్వాత క్వార్ట్జ్ వాటా. ఈ నమూనాలో మొత్తం సన్నధూళి 0.12 మిల్లీగ్రాములు, క్వార్ట్జ్ 31 మైక్రోగ్రాములు, అంటే 26 శాతం. గ్రానైట్‌కు ఇది సహజమైన వాటా. ఒకే రాయి మీద పనిచేసిన ఆరుగురిలో అయిదుగురికి పాతిక శాతం చుట్టుపక్కల వచ్చి, ఒకరికి 3 శాతమో 70 శాతమో వస్తే ప్రయోగశాలను అడగండి. వాళ్లు మళ్లీ చూస్తారు, అడగడంలో మొహమాటం అక్కర లేదు.

ఏడవ మెట్టు: ఆరు అంకెలను కలిపి చదవండి

మన ఆరుగురి ఎనిమిది గంటల సగటులు 14, 19, 22, 30, 34, 88 అని వచ్చాయనుకోండి. మామూలు సగటు 34.5. "పరిమితి 50, మన సగటు 34.5, కాబట్టి క్షేమం" అని రాసిన నివేదికలు ఎన్నో. ఒక్క ఫలితం పరిమితిని దాటినా ఈఎన్ 689 లెక్కలో ఆ బృందం పరిమితికి లోబడినట్టు కాదు. అసలు ప్రశ్న సగటు ఎంత అన్నది కాదు, ఈ బృందంలో మనం కొలవని మనుషుల్లో, కొలవని రోజుల్లో ఎన్నిసార్లు 50 దాటుతుంది అన్నది.

గాలిలోని గాఢతలు కింద సున్నా దగ్గర ఆగి, పైకి మాత్రం పొడుగ్గా సాగుతాయి. అందుకే ముందుగా వాటి సహజ లాగరిథమ్‌లు తీసుకుని, వాటి సగటు, ప్రామాణిక విచలనం కడతాం. ఇక్కడ సగటు 3.346, విచలనం 0.639. వీటిని తిరిగి మామూలు అంకెల్లోకి మార్చితే గుణోత్తర సగటు 28, గుణోత్తర విచలనం 1.9. నూటికి 95 రోజులు ఇంతకంటే తక్కువ ఉంటుందని అంచనా వేయగల విలువ 81, పరిమితికి చాలా పైన. ఈఎన్ 689 పరీక్ష ఇలా ఉంటుంది: పరిమితి లాగరిథమ్ 3.912 నుంచి సగటును తీసివేసి విచలనంతో భాగిస్తే ఆరు నమూనాలకు కనీసం 2.187 రావాలి. మనకు వచ్చింది 0.89.

ఇప్పుడు 88 వైపు చూడండి. దాన్ని "ఏదో పొరపాటు" అని కొట్టేయాలన్న కోరిక పుడుతుంది. పంపు ప్రవాహం సరిగ్గా ఉంది, ఫిల్టర్ మీద నూకలు లేవు, క్వార్ట్జ్ వాటా మిగతావాటిలాగే ఉంది. అది నమూనా లోపం కాదు. నోట్‌బుక్‌లోని 11.20 వరుస దాని సంగతి చెబుతోంది. విచారిస్తే పన్నెండు మంది ఫినిషర్లలో ముగ్గురే లోపలి అంచుల పని చేస్తారని, ఆ ముగ్గురూ పొడి గ్రైండరే వాడతారని తేలింది. తొలి పరిశీలన రోజున లోపలి అంచుల పని రాలేదు, అందుకే వాళ్లను విడిగా చూడలేదు. అంటే తప్పు అంకెది కాదు, మనం కట్టిన బృందానిది. బృందాన్ని విడగొట్టవచ్చు, కానీ ఒక షరతు మీద: విడగొట్టడానికి కారణం ఫలితం రాకముందే నోట్‌బుక్‌లో ఉన్న పని తేడా అయి ఉండాలి. అంకె పెద్దగా ఉందన్నది కారణం కాదు.

ముగ్గురిని వేరు చేశాక తొమ్మిది మంది బృందానికి అయిదు ఫలితాలే మిగిలాయి. చీటీ వేసి ఇంకొకరిని కొలిస్తే 25 వచ్చిందనుకుందాం. 14, 19, 22, 25, 30, 34. ఇప్పుడు లాగరిథమ్‌ల సగటు 3.137, విచలనం 0.321, పరీక్ష విలువ 2.41. ఇది 2.187 కంటే ఎక్కువ, కనుక 50 పరిమితికి ఈ బృందం నిలబడుతుంది. అయితే ఆరింటిలో రెండు 25ని దాటాయి, ఒకటి సరిగ్గా గీత మీద ఉంది. ఈ బృందానికి పర్యవేక్షణ కొనసాగాలి, నీళ్ల ఏర్పాటును ఇంకా మెరుగుపరచాలి అని రాయడమే సరైన తీర్పు.

ఎనిమిదవ మెట్టు: ఆ ముగ్గురికి వేరే ప్రణాళిక

ఈ ముగ్గురికి మరిన్ని నమూనాలు తీసి గణాంకాలు కట్టడం కాలయాపన. పరిమితి దాటిందని తెలిసిపోయింది, ముందు పని మారాలి, కొలత తర్వాత. మార్పు పని చేసిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం కొలత కావాలి, ఇక్కడ సమయం లెక్క కొత్త మలుపు తీసుకుంటుంది.

నాలుగో నమూనాలోని 88ని విడదీసి చూద్దాం. 88ని 480 నిమిషాలతో గుణిస్తే 42,240. మిగతా 360 నిమిషాలు అతను తోటివారిలాగే 25 చుట్టూ పీల్చాడనుకుంటే 9,000 పోతుంది. మిగిలిన 33,240 అంతా 11.20 నుంచి 12.50 దాకా నడిచిన 90 నిమిషాలదే, అంటే ఆ గంటన్నరలో గాఢత 370 దరిదాపుల్లో ఉంది. అంత గాఢత ఉన్నప్పుడు 90 నిమిషాల చిన్న నమూనా కూడా చాలు: 197 లీటర్లలో సుమారు 73 మైక్రోగ్రాములు పడతాయి, ప్రయోగశాల సులభంగా చూడగలదు.

మొహం మీద నీళ్లు చిమ్మకుండా కవచం ఉన్న నీళ్ల గ్రైండర్ ఇచ్చారనుకోండి. ఇప్పుడు అదే మనిషికి ఆ 90 నిమిషాలకు ఒక క్యాసెట్, మిగతా 360 నిమిషాలకు ఇంకో క్యాసెట్ పెట్టండి. మొదటి క్యాసెట్‌కు "10 కంటే తక్కువ" అని వచ్చిందనుకుందాం. గంట నమూనా విషయంలో ఆ మాటను మనం తోసిపుచ్చాం, ఇక్కడ తోసిపుచ్చనక్కర లేదు. 10ని 0.197తో భాగిస్తే 51, అంటే ఆ పనిలో గాఢత 370 నుంచి కనీసం 51 లోపుకు దిగింది. రెండో క్యాసెట్ 25 అని చెబితే, 51ని 90తో, 25ని 360తో గుణించి కలిపి 480తో భాగించండి. ఎనిమిది గంటల సగటు ఎంత ఎక్కువగా ఊహించినా 29 దాటదు. నివేదికలో "29కి మించదు" అనే రాయండి, 29 అని రాయకండి. ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరికీ ఇదే జంట క్యాసెట్ల నమూనాను వేర్వేరు రోజుల్లో తీసే దాకా ఆ కొత్త బృందం ఫైలును తెరిచే ఉంచండి.